పివట్ టేబుల్లో వ్లాగ్స్ 54%, ట్యుటోరియల్స్ 36% వస్తున్నాయి. ట్యుటోరియల్స్ మానేయాలా?

కొత్తకెమెరా
నా ఛానెల్లో 43 వీడియోలు ఉన్నాయి. యూట్యూబ్ స్టూడియోలో అడ్వాన్స్‌డ్ మోడ్‌కి వెళ్లి మొత్తం డేటా సీఎస్వీగా దించుకుని గూగుల్ షీట్స్‌లో పెట్టాను. పక్కన "ఫార్మాట్" అని ఒక కాలమ్ కలిపి, ఒక్కో వీడియో ట్యుటోరియలా, వ్లాగా, రివ్యూనా అని చేత్తో రాసుకున్నాను. పివట్ టేబుల్లో Rows కింద ఫార్మాట్, Values కింద Average percentage viewed (%) వేసి, Summarize by దగ్గర AVERAGE పెట్టాను.

వచ్చింది ఇది:

ట్యుటోరియల్స్ (18 వీడియోలు): 36%
వ్లాగ్స్ (14): 54%
రివ్యూలు (11): 43%

ఒక్కో ట్యుటోరియల్‌కి నాకు వారం పడుతుంది. వ్లాగ్ ఒక్క పూటలో అయిపోతుంది. జనం వ్లాగ్స్‌నే ఎక్కువసేపు చూస్తుంటే ట్యుటోరియల్స్ కోసం ఎందుకింత కష్టపడాలి? మానేద్దామనే అనుకుంటున్నాను. మీరైతే ఏం చేస్తారు?

లెన్సుకప్పు
నా ఛానెల్లో సరిగ్గా ఉల్టా. వ్లాగ్స్ ఎవరూ చూడరు. కాబట్టి మీ షీట్‌లోనే ఏదో తేడా ఉంది.

మైకుముందు
తేడా ఎక్కడుందో చెప్తా. సగటుల మీద మళ్లీ సగటు తీశారు. 200 వ్యూస్ వచ్చిన వీడియోకి 60%, 9,800 వ్యూస్ వచ్చిన దానికి 30% ఉందనుకోండి. పివట్‌లో AVERAGE పెడితే 45% అంటుంది. కానీ మొత్తం 10,000 వ్యూస్‌లో 9,800 మంది దగ్గర 30 శాతమే కదా. వ్యూస్ లెక్కలోకి తీసుకుంటే అసలు సగటు 30.6%. పివట్‌లో నేరుగా AVERAGE ఎప్పుడూ వాడకూడదు, వ్యూస్‌తో తూకం వేయాల్సిందే.

సాయంత్రంలైవ్
రిటెన్షన్ చూడాలంటే ఈ కాలమ్ కాదండీ, మళ్లీ మళ్లీ వచ్చే ప్రేక్షకులు ఎంతమందో చూడాలి. ఆడియన్స్ ట్యాబ్‌లో ఉంటుంది. నేను ప్రతి నెలా అదే రాసుకుంటాను.

కొత్తకెమెరా
@సాయంత్రంలైవ్ నేనడిగేది అది కాదండీ. ఒక వీడియో మొదలుపెట్టినవాళ్లు అందులో ఎంత భాగం చూశారన్నదే నా ప్రశ్న.

@మైకుముందు మీరు చెప్పింది అర్థమైంది. సాయంత్రం ఆ లెక్క వేసి చూస్తాను.

గళ్లనోటు
తూకం సంగతి తర్వాత చూద్దాం. కొత్తకెమెరా గారూ, ముందు ఒక పని చేయండి. పివట్‌లో అదే Average percentage viewed (%)ని Values కింద ఇంకో రెండుసార్లు వేసి, ఒకదానికి MAX, ఇంకోదానికి MIN పెట్టండి. Durationకి కూడా అలాగే. వ్లాగ్స్ వరుసలో ఏం కనబడుతుందో ఇక్కడ రాయండి. మామూలు వ్లాగ్‌కి సగటున 54% రావాలంటే అది చాలా చిన్నదై ఉండాలి. నా అనుమానం అక్కడే.

కొత్తకెమెరా
వ్లాగ్స్‌లో MAX 101 వచ్చింది!! వంద దాటి ఎలా వస్తుంది? Duration MIN 38 అంటోంది.

గళ్లనోటు
అనుకున్నదే. ఆ కాలమ్ సెకన్లలో ఉంటుంది, అంటే 38 సెకన్ల వీడియో. అవి షార్ట్స్. షార్ట్ అయిపోగానే మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది కాబట్టి ఒకే మనిషి ఒకటిన్నర సార్లు చూస్తే 150 శాతం అవుతుంది. వీటిని పొడవు వీడియోలతో కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థమే ఉండదు. వ్లాగ్స్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయి?

కొత్తకెమెరా
ఐదు. వ్లాగ్ తీసినప్పుడు మిగిలిన ముక్కలతో చేసినవి. ఫార్మాట్ దగ్గర "వ్లాగ్" అనే రాశాను. వాటి శాతాలు 88, 92, 101, 79, 95.

గళ్లనోటు
ఆ ఐదూ కలిపితే 455. మీ 14 వ్లాగ్స్ మొత్తం 14 × 54 = 756. అందులోంచి 455 తీసేస్తే 301 మిగులుతుంది. మిగతా 9 వ్లాగ్స్ మీద పంచితే 33.4%.

అంటే మీ అసలు వ్లాగ్స్ ట్యుటోరియల్స్ కన్నా కిందే ఉన్నాయి.

లెన్సుకప్పు
చెప్పానా!

కొత్తకెమెరా
నిజంగా గుండె జారింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ట్యుటోరియల్స్ ఆపేస్తున్నానని కమ్యూనిటీ పోస్ట్ కూడా పెట్టేసేవాణ్ణి. 60 సెకన్ల లోపు ఉన్నవన్నీ ఫిల్టర్‌లో తీసేస్తే సరిపోతుందా?

గళ్లనోటు
60 సెకన్ల గీత ఇప్పుడు సరిపోదండీ. 2024 అక్టోబర్ 15 నుంచి నిలువుగానో చదరంగానో ఉన్న వీడియో 3 నిమిషాల వరకు షార్ట్ కిందే వెళ్తుంది. అడ్డంగా తీసిన 50 సెకన్ల వీడియో మాత్రం షార్ట్ కాదు. అందుకని నిడివి చూసి ఊహించకుండా, స్టూడియోలోనే కంటెంట్ టైప్ ఫిల్టర్ పెట్టి వీడియోలు మాత్రమే దించుకోండి. షార్ట్స్‌కి వేరే షీట్ పెట్టుకోండి.

దించుకున్న ఫైల్లో మొదటి వరుస Total అని ఉంటుంది. అది వీడియో కాదు. దాన్ని తీసేయకుండా పివట్ వేస్తే మొత్తం వ్యూస్ రెండింతలు కనబడతాయి.

తిరగలి
ఇక్కడే నాదీ ఒక సమస్య. నేను ఎక్సెల్ వాడతాను. Average view duration కాలమ్‌ని పివట్‌లో వేస్తే Count of అని వస్తోంది. Average కి మారిస్తే #DIV/0! అంటోంది. కాలమ్‌లో చూస్తే 0:04:12 అని బానే కనబడుతోంది మరి.

గళ్లనోటు
@తిరగలి అది మీకు సమయంలా కనబడుతోంది కానీ ఎక్సెల్‌కి అది అక్షరాల కిందే లెక్క. గడిలో ఎడమవైపుకి అంటుకుని ఉందా? అలా ఉంటే టెక్స్ట్ అన్నట్టే. అది G కాలమ్‌లో ఉందనుకుంటే, పక్క కాలమ్‌లో `=TIMEVALUE(G2)` అని రాసి కిందిదాకా లాగి, పివట్‌లో ఆ కొత్త కాలమ్‌ని వాడండి. అప్పుడు 0.0029 లాంటి అంకె కనబడితే కంగారు పడొద్దు, అది రోజులో భాగం. నంబర్ ఫార్మాట్ `[h]:mm:ss` పెడితే మామూలుగా 0:04:12 అవుతుంది.

తిరగలి
ఎడమవైపే ఉంది. వచ్చేసింది, థాంక్యూ!!

పాతచందాదారు
షార్ట్స్ తీసేశాక ఇప్పుడు రివ్యూలు 43, ట్యుటోరియల్స్ 36, వ్లాగ్స్ 33. అంటే రివ్యూలు చేయాలన్నమాట. విషయం అయిపోయింది కదా?

రాత్రిఎడిటింగ్
అవ్వలేదండీ. నిడివి చూడాలి. నేను రెండేళ్లు ఇదే తప్పు చేశాను. నా రివ్యూలు 6 నిమిషాలు, ట్యుటోరియల్స్ 20. ఎప్పుడు చూసినా రివ్యూలే గెలిచేవి. ఒకసారి ఒక ట్యుటోరియల్‌ని విరిచి మూడు చిన్న భాగాలు చేశాను. అదే విషయం, అదే గొంతు, అదే ఎడిటింగ్. శాతం మాత్రం రివ్యూల పక్కకొచ్చి కూర్చుంది. అంటే ఇన్నాళ్లూ నేను పోల్చింది ఫార్మాట్లను కాదు, నిమిషాలను.

గళ్లనోటు
రాత్రిఎడిటింగ్ గారు అసలు చోట వేలు పెట్టారు. 6 నిమిషాల వీడియోలో 45% అంటే 2:42. 15 నిమిషాల దాంట్లో 33% అంటే 4:57. శాతం చూస్తే మొదటిది ముందుంది, మనిషి కూర్చున్న సమయం చూస్తే రెండోది. వీడియో పొడవు పెరిగేకొద్దీ శాతం తగ్గడం మామూలే, ఏ ఫార్మాట్ అయినా.

కొత్తకెమెరా గారూ, నిడివికి ఒక కాలమ్ కలపండి. Duration మీకు D కాలమ్‌లో ఉందనుకుంటే:

```
=IF(D2<480,"8 లోపు","8 పైన")
```

480 అంటే 8 నిమిషాలు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది మీ వీడియోలను బట్టి ఉంటుంది. రెండు వైపులా తగినన్ని వీడియోలు పడితే చాలు. పివట్‌లో దీన్ని Columns కింద వేయండి, ఫార్మాట్ Rows కిందే ఉండనివ్వండి. Valuesలో సగటుతోపాటు వీడియో టైటిల్ వేసి COUNTA కూడా పెట్టండి. ఏ గడిలో ఎన్ని వీడియోలున్నాయో తెలియకుండా ఆ గడిలో సగటుని నమ్మకూడదు.

కొత్తకెమెరా
వేశాను. మొదట వ్లాగ్‌కి రెండు వరుసలు వచ్చాయి, ఒకదాంట్లో 8, ఇంకోదాంట్లో 1. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. పావుగంట బుర్ర గోక్కున్నాక తెలిసింది, ఒక గడిలో "వ్లాగ్ " అని చివర ఖాళీ పడింది. ఆ కాలమ్‌కి డ్రాప్‌డౌన్ పెట్టేశాను, ఇక చేత్తో టైప్ చేయను.

ఇప్పుడు ఇలా వచ్చింది:

8 నిమిషాల లోపు: ట్యుటోరియల్స్ 47% (4 వీడియోలు), రివ్యూలు 45% (9), వ్లాగ్స్ 41% (3)

8 నిమిషాల పైన: ట్యుటోరియల్స్ 32.9% (14), రివ్యూలు 34% (2), వ్లాగ్స్ 29.7% (6)

మొత్తం మీద రివ్యూలు 7 పాయింట్లు ముందున్నట్టు కనబడ్డాయి కదా, విడగొట్టి చూస్తే ఆ తేడా ఎటు పోయింది?

గళ్లనోటు
ఎక్కడికీ పోలేదు, అది మొదటినుంచీ నిడివి తెచ్చిన తేడానే. మీ రివ్యూలు 11లో 9 చిన్నవి. ట్యుటోరియల్స్ 18లో 14 పెద్దవి. చిన్న వీడియోలకు శాతం ఎక్కువ కాబట్టి, చిన్నవి ఎక్కువున్న ఫార్మాట్ మొత్తం సగటులో పైకి తేలింది. అదే నిడివిలో పక్కపక్కన పెడితే చిన్నవాటిలో ట్యుటోరియల్స్ 2 పాయింట్లు ముందు, పెద్దవాటిలో రివ్యూలు 1 పాయింటు ముందు. ఆ పెద్ద రివ్యూలు రెండే. రెండు వీడియోల సగటు మీద నేనైతే ఏ నిర్ణయమూ తీసుకోను.

పాతచందాదారు
నాలుగు వీడియోల మీద తీసుకుంటారా మరి? చిన్న ట్యుటోరియల్స్ నాలుగే కదా ఉన్నవి. 47కీ 45కీ తేడా ఉందని చెప్పడానికి అవి చాలవు. ఒక్క వీడియో బాగా ఆడితే 47 కాస్తా 50 అవుతుంది.

గళ్లనోటు
ఒప్పుకుంటాను. అందుకే ట్యుటోరియల్స్ గెలిచాయని నేను అనట్లేదు. ఈ షీట్ చెప్పేది ఒక్కటే: వాటిని ఆపేయడానికి ఇందులో కారణం లేదు. వ్లాగ్స్ మాత్రం రెండు నిడివుల్లోనూ కిందే ఉన్నాయి, అది గమనించదగ్గది.

మైకుముందు
ఇంతసేపూ మళ్లీ AVERAGE తోనే చేస్తున్నారు! నేను మొదట్లో చెప్పిన వ్యూస్ తూకం ఎక్కడ? అది లేకుండా ఈ 47లూ 45లూ అన్నీ గాలిలెక్కలే.

కొత్తకెమెరా
ఆ లెక్కా వేశాను మైకుముందు గారూ. ట్యుటోరియల్స్ మొత్తానికి 36 నుంచి 27.8కి పడిపోయాయి. మళ్లీ టెన్షన్ పట్టుకుంది. ఏం జరిగింది?

గళ్లనోటు
ట్యుటోరియల్స్‌ని వ్యూస్ వారీగా పెద్దదాన్నుంచి చిన్నదానికి పేర్చి, పైన ఉన్న మూడింటి వ్యూస్, శాతాలు రాయండి.

కొత్తకెమెరా
ఒక్కటే తేలింది. ట్యుటోరియల్స్ అన్నింటికీ కలిపి 58,000 వ్యూస్. అందులో 41,000 ఒకే వీడియోవి. దాని శాతం 24. మిగతా 17 వీడియోలకు కలిపి 17,000 వ్యూస్, వాటిని తూకం వేసి చూస్తే 37% దగ్గర ఉన్నాయి.

గళ్లనోటు
అదీ సంగతి. (41,000 × 24 + 17,000 × 37) ÷ 58,000 = 27.8. అంటే ఇప్పుడు మీ "ట్యుటోరియల్స్ సగటు" చాలావరకు ఒక్క వీడియో కథే చెబుతోంది.

మైకుముందు గారూ, మీ లెక్క తప్పు కాదు. మొదటి పోస్టులో మీరిచ్చిన ఉదాహరణ కూడా సరైనదే. కానీ అది వేరే ప్రశ్నకు జవాబు. "నా ట్యుటోరియల్స్‌కి వచ్చిన ఒక్కో వ్యూలో ఎంత భాగం చూశారు" అంటే తూకం వేయాలి. "నేను రేపు ఇంకో ట్యుటోరియల్ తీస్తే అది ఎలా నిలబడొచ్చు" అంటే ఒక్కో వీడియోకి ఒక్కో ఓటు ఇవ్వాలి, లేకపోతే వైరల్ అయిన ఒక్కటి మిగతా పదిహేడింటి నోరు నొక్కేస్తుంది. కొత్తకెమెరా గారిది రెండో ప్రశ్న.

ఆ ఒక్క వీడియో లాగుడు తగ్గాలంటే షీట్స్ పివట్‌లో Summarize by దగ్గర MEDIAN కూడా ఉంది, అది పెట్టి చూడండి. ఎక్సెల్ మామూలు పివట్‌లో మీడియన్ ఉండదు, డేటా మోడల్‌లోకి ఎక్కించి మెజర్ రాసుకోవాలి.

మైకుముందు
రేపటి వీడియో కూడా వైరల్ అవ్వొచ్చు కదా? ఆ 41,000 మందీ మనుషులే. వాళ్లు నాలుగో వంతు చూసి వెళ్లిపోయారంటే అది ట్యుటోరియల్ గురించి ఏమీ చెప్పదా? నాకు ఈ "ఒక్కో వీడియోకి ఒక ఓటు" మింగుడు పడట్లేదు.

రాత్రిఎడిటింగ్
వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో చూడండి. నాదీ ఇలాంటిదే ఒకటి ఉంది, ఎక్కువ వ్యూస్ సెర్చ్ నుంచే. ఆ ఒక్క వీడియో రిటెన్షన్ గ్రాఫ్ తెరిస్తే మొదట్లో జర్రున జారుతుంది, 7వ నిమిషం దగ్గర గుట్టలా లేస్తుంది, తర్వాత మళ్లీ జారుతుంది. ఆ 7వ నిమిషంలో ఉన్నది జనం వెతికే ఒకే ఒక స్టెప్. నేరుగా అక్కడికి దూకి, పని చేసుకుని వెళ్లిపోతున్నారు. కామెంట్లు నిండా థాంక్సే. శాతం మాత్రం 22. దాన్ని ఫెయిల్యూర్ అనమంటారా?

కొత్తకెమెరా
చూశాను. నాది కూడా సెర్చే! గ్రాఫ్‌లో గుట్ట కూడా ఉంది, 9:40 దగ్గర. అక్కడ సరిగ్గా ఫైల్ ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్ చూపిస్తున్నాను.

లెన్సుకప్పు
ఆ సెట్టింగ్స్ ఒక్కటే విడిగా 3 నిమిషాల వీడియో చేసేయండి. శాతం ఎగురుతుంది.

పాతచందాదారు
ఎగురుతుంది, కానీ అది మళ్లీ నిడివి ఆటే కదా. పైన అంతసేపు మాట్లాడుకున్నది అదేగా.

తిరగలి
మళ్లీ నేనే. మైకుముందు గారు చెప్పిన తూకం ఎక్సెల్‌లో Calculated Fieldతో చేయబోయాను. శాతం ఇంటూ వ్యూస్, బై వ్యూస్ అని రాశాను. ట్యుటోరియల్స్‌కి 612 శాతం వచ్చింది. నావి 17 వీడియోలు.

గళ్లనోటు
ఎక్సెల్ Calculated Field వరుస వరుసకీ గుణించదు. ముందు ఒక్కో కాలమ్‌ని మొత్తంగా కూడి, ఆ మొత్తాల మీద మీ ఫార్ములా నడుపుతుంది. కాబట్టి వ్యూస్, వ్యూస్ కొట్టుకుపోయి శాతాల కూడిక మిగిలింది. 612ని 17తో భాగించి చూడండి, 36. అది మీ మామూలు సగటే అయి ఉంటుంది.

గుణకారం డేటా షీట్‌లోనే ఒక కాలమ్‌గా చేసుకోండి. నేను చేసే పద్ధతి ఇది. "మొత్తం అవకాశం" అని ఒక కాలమ్, అంటే వచ్చిన ప్రతి వ్యూలోనూ చివరిదాకా చూసి ఉంటే ఎన్ని గంటలు అయ్యేవో. D నిడివి, E వ్యూస్ అనుకుంటే:

```
=D2*E2/3600
```

తర్వాత ఎక్సెల్ Calculated Fieldలో Watch time (hours)ని ఈ కాలమ్‌తో భాగిస్తే చాలు, అది కూడి భాగించడమే మనకు కావాల్సింది. గూగుల్ షీట్స్‌లో అయితే SUM మీరే రాయాలి, పేరులో ఖాళీలు ఉంటే సింగిల్ కోట్స్ పెట్టాలి, Summarize by దగ్గర Custom ఎంచుకోవాలి:

```
=SUM('Watch time (hours)')/SUM('మొత్తం అవకాశం')
```

ఒక మాట. ఇందులో వ్యూస్‌కే కాదు, నిడివికి కూడా తూకం పడుతుంది. పొడవు వీడియోల మాటే ఎక్కువ చెల్లుతుంది. అందుకే 8 లోపు, 8 పైన అని విడగొట్టిన పివట్‌లోనే దీన్ని వాడతాను, మొత్తం మీద వాడను.

తిరగలి
612/17 = 36, అవును సరిగ్గా అదే. మామూలు సగటు కూడా 36. ఈ Calculated Field అంకెతో నెల రోజులుగా తల పట్టుకుని ఉన్నానండీ.

సాయంత్రంలైవ్
నేను అడిగింది వేరే అని ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక సందేహం. మొన్న పెట్టిన వీడియోని కూడా ఈ లెక్కలో కలపొచ్చా? నాకు మొదటి రెండు రోజులు శాతం బాగా ఎక్కువ ఉంటుంది, తర్వాత దిగుతుంది.

గళ్లనోటు
మంచి ప్రశ్న. మొదట చూసేది ఎక్కువగా మీ సబ్‌స్క్రైబర్లు కాబట్టి అలా ఉంటుంది. Video publish time కాలమ్‌తో ఫిల్టర్ పెట్టి, నెల కూడా నిండని వీడియోలను నేను పక్కన పెడతాను. ముఖ్యంగా ఈ మధ్య ఒకే ఫార్మాట్‌లో వరుసగా పెట్టి ఉంటే.

మైకుముందు
నెల నిండనివి పక్కన పెడతారు, వైరల్‌కి ఓటు తగ్గిస్తారు. ఇలా తీసుకుంటూ పోతే మనకు నచ్చిన అంకె వచ్చేదాకా తీయొచ్చు.

గళ్లనోటు
ఆ ప్రమాదం ఉంది, కాదనను. అందుకే అంకె చూడకముందే ఏది తీయాలో రాసుకుంటాను, షీట్‌లో "కలపాలా" అని ఒక కాలమ్‌లో. వరుసను చెరిపేయను, పివట్ ఫిల్టర్‌లో ఆపుతాను. అప్పుడు కలిపి ఒకసారి, ఆపి ఒకసారి రెండూ చూడొచ్చు. రెండుసార్లూ ఒకే మాట వస్తే నమ్ముతాను. కొత్తకెమెరా గారి విషయంలో ఆ 41,000 వీడియోని ఆపితే పెద్ద ట్యుటోరియల్స్ సగటు 32.9 నుంచి 33.6 అవుతుంది, అంతే. వీడియోకో ఓటు లెక్కలో అది ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు.

మైకుముందు
వ్యూస్ తూకంలో మాత్రం 27.8కీ 37కీ తేడా ఉంది. సరే, నేను రెండు కాలమ్‌లూ పక్కపక్కనే పెట్టుకుంటాను. మీ MEDIANని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

కొత్తకెమెరా
అందరికీ థాంక్స్. ట్యుటోరియల్స్ ఆపట్లేదు. 8 నిమిషాల లోపు ట్యుటోరియల్స్ నాలుగే ఉన్నాయి కాబట్టి ఇంకో ఆరు తీసి, నెల నిండాక ఇదే పివట్ మళ్లీ వేస్తాను. మొదటిది ఆ 9:40 దగ్గరి ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్సే. పెద్ద వీడియో అలాగే ఉంచుతాను.

పాతచందాదారు
పెద్ద రివ్యూలు కూడా రెండే ఉన్నాయి, వాటి మాటేమిటి?

కొత్తకెమెరా
అవి ఇంకా ఆలోచించలేదండీ. ఒక్కో రివ్యూని 10 నిమిషాలకు సాగదీస్తే అది వేరే వీడియో అయిపోతుందేమో అని భయం.